నాన్నా, ఏ యాప్ పెట్టుకోవాలి? మొదటి వీడియో కన్సల్టేషన్‌కి ముందు ఇది చదువు

నాన్నా,

సాయంత్రానికి రెండు కాళ్లూ చీలమండల దగ్గర వాస్తున్నాయని, బీపీ మాత్రలు కూడా అయిపోవచ్చాయని అమ్మ చెప్పింది. శ్రీకాకుళం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలంటే మన కవిటి నుంచి పొద్దున్నే బస్సెక్కాలి, ఓపీలో కూర్చోవాలి, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. అందుకే ఈసారి ఫోన్‌లో వీడియో ద్వారా చూపించుకుంటానన్నావు. నేను ఇక్కడ ఆసుపత్రి ఫార్మసీలో కూర్చుని వీడియోలో రాసిన మందుల చీటీలు రోజూ చూస్తుంటాను. ఏది పనికొస్తుందో, ఏది వెనక్కి తిరిగొస్తుందో తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఒకసారి మొత్తం చదివాక ఫోన్ చేతిలోకి తీసుకో.

ముందుగా ఏ దారిలో వెళ్లాలో తేల్చుకుందాం. నీకు మూడు దారులున్నాయి. ఒకటి, కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-సంజీవని యాప్. రెండు, డబ్బులు కట్టి డాక్టరును ఎంచుకునే ప్రైవేటు యాప్‌లు. మూడు, మన ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌కి వెళ్తే అక్కడ ఆరోగ్య సేవలు చూసే ఎంఎల్‌హెచ్‌పీ మేడమ్ తన దగ్గరున్న ట్యాబ్‌లోనో కంప్యూటర్‌లోనో డాక్టరుతో మాట్లాడించడం. ఈ మూడోదానికి నువ్వు ఏ యాప్ పెట్టుకోనక్కర్లేదు. నిజానికి అది కూడా ఈ-సంజీవనే. ఆరోగ్య కేంద్రాల నుంచి డాక్టరుకి కలిపే ఆ పద్ధతి 2019 నవంబరులో మొదట మొదలైంది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇంట్లో కూర్చుని మనమే నేరుగా మాట్లాడే పద్ధతి మాత్రం 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ సమయంలో వచ్చింది.

ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే అందరూ ఫీజు గురించీ, యాప్ తేలికగా ఉందా లేదా అన్నదాని గురించీ చెబుతారు. నేను మాత్రం ఇంకో మాట ముందు చూడమంటాను. ఆ రోజు డాక్టరు నీకోసం ఏం చేయాలి? ఏం చేయడానికి ఆయనకు వీలుంది? వీడియో వైద్యానికి మన దేశంలో 2020 మార్చి 25న నిబంధనలు వచ్చాయి. ఏ యాప్ అయినా, ఉచితమైనా డబ్బులదైనా, డాక్టరు వాటికి లోబడే చూడాలి.

ఆ నిబంధనల్లో నీకు పనికొచ్చే ముక్క ఇది. నువ్వు ఒక డాక్టరుకి నేరుగా చూపించుకుని ఆరు నెలలు దాటకుండా, అదే జబ్బుకి, అదే డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడితే దాన్ని ఫాలో-అప్ అంటారు. డాక్టరు కొత్తవాడైనా, ఆరు నెలలు దాటిపోయినా, జబ్బు వేరేదైనా అది మొదటి కన్సల్టేషనే. మొదటి కన్సల్టేషన్ వీడియోలో జరిగితే, బీపీ, షుగరు లాంటి వాటికి నువ్వు ముందు నుంచీ వాడుతున్న మందును డాక్టరు మళ్లీ రాయవచ్చు. కానీ ఉన్న బీపీ మందు చాలడం లేదని దానికి తోడుగా రెండో మందు కలపాలంటే, అది నిన్ను నేరుగా చూసిన డాక్టరు ఫాలో-అప్‌లో చేయాల్సిన పని. నిద్రమాత్రల్లో కొన్ని, మత్తు కలిగించే మందులు అయితే వీడియోలో అసలు రాయకూడదు.

నువ్వు శ్రీకాకుళం వెళ్లి ఆరు నెలలు ఎప్పుడో దాటాయి. కాబట్టి ఇప్పుడు ఎవరితో మాట్లాడినా అది మొదటి కన్సల్టేషనే. దాని నుంచి నువ్వు ఆశించాల్సినవి మూడు. పాత మాత్ర కొనసాగించడానికి చీటీ, కాళ్ల వాపు మీద ఒక డాక్టరు అభిప్రాయం, అవసరమైతే చేయించుకోవాల్సిన పరీక్షల పేర్లు. వీటికి ఈ-సంజీవని సరిపోతుంది, డబ్బులు కట్టాల్సిన పని లేదు. నా సలహా అదే.

ప్రైవేటు యాప్ వద్దనడం లేదు. దానిలో రెండు సౌకర్యాలు నిజంగా ఉన్నాయి. ఫలానా డాక్టరు అని పేరు చూసి ఎంచుకోవచ్చు, తెలుగు మాట్లాడేవారిని మాత్రమే చూపించమని అడగొచ్చు. పైగా ఫలానా టైముకి అని స్లాట్ దొరుకుతుంది కాబట్టి క్యూలో కూర్చోనక్కర్లేదు. రేపు పరీక్షల్లో ఏదైనా తేడా వచ్చి కిడ్నీ డాక్టరో గుండె డాక్టరో చూడాలంటే, మళ్లీ మళ్లీ అదే మనిషితో మాట్లాడాల్సి వస్తుంది. అప్పుడు నేనే ప్రైవేటు యాప్‌లో బుక్ చేస్తాను. ఈ-సంజీవనిలో ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు వస్తారు, వచ్చే నెల ఇంకొకరు రావచ్చు. అందుకే నీ కాగితాలు నీ దగ్గర సిద్ధంగా ఉండడం అక్కడ చాలా ముఖ్యం.

ఊరి క్లినిక్ సంగతి వేరు. మేడమ్ దగ్గర బీపీ మిషన్ ఉంటుంది, ఆమె నీ కాలు నొక్కి చూసి డాక్టరుకి చెప్పగలదు. ఇంట్లో ఒక్కడివే ఫోన్ పట్టుకుంటే ఇది కుదరదు. పైగా నువ్వు రాష్ట్రం ఎంచుకున్నాక ఆ రోజు ఓపీడీ తెరిచి లేకపోయినా, ఎంతసేపటికీ డాక్టరు రాకపోయినా, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చోవద్దు. కాగితాలు సంచిలో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్లిపో. అది తక్కువ రకం దారేం కాదు, నీ విషయంలో అంతే మంచి దారి.

ఒక్కటి మాత్రం స్పష్టంగా చెబుతున్నాను. వాపు ఒక్క కాలికే వచ్చి నొప్పిగా, వేడిగా ఉంటే, పడుకుంటే ఆయాసం వస్తుంటే, పొద్దున్నే ముఖం ఉబ్బి ఉంటే, మూత్రం బాగా తగ్గిపోతే వీడియో వద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు బలం తగ్గడం, మాట తడబడటం అయితే యాప్ వైపు చూడకుండా అమ్మ చేత 108కి ఫోన్ చేయించు.

యాప్ పెట్టుకోవడం

ప్లే స్టోర్‌లో పేరు కొట్టి వెతికితే దాన్ని పోలినవి చాలా వస్తాయి. అందుకని క్రోమ్ తెరిచి, పైన అడ్రస్ రాసే చోట ఇది కొట్టు:

```
esanjeevani.mohfw.gov.in
```

చివర gov.in అని ఉందో లేదో ఒకసారి చూసుకో. ఆ పేజీలో ప్లే స్టోర్ గుర్తు కనిపిస్తుంది, దాన్ని నొక్కితే అసలైన యాప్ దగ్గరికి అదే తీసుకెళ్తుంది. Install నొక్కి, పని అయ్యాక Open నొక్కు. ఫోన్‌లో చోటు లేదని చెబితే వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు కొన్ని తీసేయి, సరిపోతుంది. అప్పటికీ దిగకపోతే అదే పేజీలోంచి కూడా నేరుగా డాక్టరుతో మాట్లాడొచ్చు.

ఎవరైనా వాట్సాప్‌లో యాప్ ఫైల్ పంపి దీన్ని నొక్కండి అంటే నొక్కొద్దు. కస్టమర్ కేర్ నంబరు అని గూగుల్‌లో వెతికి ఫోన్ చేయొద్దు. ఆ నంబర్లలో దొంగలవే చాలా ఉంటాయి, ఫోన్ చేయగానే ఇంకేదో యాప్ పెట్టుకోమంటారు, దాంతో నీ ఫోన్ తెర వాళ్లకి కనిపిస్తుంది. ఈ-సంజీవనిలో ఎక్కడా డబ్బులు కట్టే పని లేదు కాబట్టి యూపీఐ పిన్ అడిగారంటే నువ్వు తప్పు చోట ఉన్నావని అర్థం. ఓటీపీ నువ్వే చదివి నువ్వే కొట్టుకోవాలి. ఫోన్‌లో ఎవరికీ చెప్పకూడదు, నేను మాట్లాడుతున్నానని ఎవరైనా అన్నా సరే.

యాప్ తెరవగానే మొబైల్ నంబరు అడుగుతుంది. పెన్షన్ మెసేజ్‌లు వచ్చే నంబరే ఇవ్వు, ఎందుకంటే టోకెన్ మెసేజ్ కూడా దానికే వస్తుంది. ఓటీపీ వచ్చాక కొట్టు. తరువాత పేరు, వయసు, ఆడా మగా, ఊరు అడుగుతుంది. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయి, ఇంటిపేరుతో సహా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చీటీ మీద ఒక పేరు, పాత రిపోర్టు మీద ఇంకో పేరు ఉంటే మందుల షాపులో ఇబ్బంది పడతావు. 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా నంబరు ఉంటే ఇవ్వొచ్చు. నీ దగ్గర ఆ కార్డు ఉందో లేదో బీరువాలో వెతకమని అమ్మకు చెప్పు. దొరక్కపోతే ఆగిపోవద్దు, ముందుకు వెళ్లే దారి యాప్ చూపిస్తుంది.

మధ్యలో కెమెరా, మైకు వాడుకోవచ్చా అని అడుగుతుంది. While using the app అన్నది నొక్కు. పొరపాటున Don't allow నొక్కితే, డాక్టరు వచ్చాక నువ్వు ఆయనకి కనిపించవు, నీ మాట వినిపించదు. అప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో Apps లోకి వెళ్లి, ఈ-సంజీవని మీద నొక్కి, Permissions లో కెమెరానీ మైకునీ తెరిచి ఇవ్వాలి. ఈ పని డాక్టరు వచ్చే ముందు రోజే అయిపోవాలి.

కాగితాలు, బీపీ

ఈ భాగమే అన్నిటికంటే ముఖ్యం. యాప్ సరిగ్గా నడిచినా కాగితాలు లేక చాలా కన్సల్టేషన్లు ఉత్తగా పోతాయి. నీకు ఏ మందు ఎవరు రాశారో తెలియకపోతే కొత్త డాక్టరు దాన్ని కొనసాగించమని ఎలా రాస్తారు చెప్పు.

శ్రీకాకుళం డాక్టరు రాసిన ఆఖరి చీటీ తీసి, పగటిపూట వరండాలో నేల మీద పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తియ్యి. నాలుగు మూలలూ ఫొటోలో ఉండాలి. పైన డాక్టరు పేరు, తేదీ, కింద సంతకం కనిపించాలి. ఆ తరువాత మాత్రల పట్టీ. ఊరికే మెరిసే వైపు కాదు, పేరు, ఎన్ని ఎంజీ, గడువు తేదీ అచ్చు వేసిన వైపు. నువ్వు వేసుకునేది ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. షాపులో ఎప్పుడైనా వేరే కంపెనీది ఇచ్చి ఉంటే దాని పట్టీ కూడా ఫొటో తియ్యి. ఒక విషయం బాగా చూసుకో, మాత్ర పేరు చివర AT అని ఉంటే అందులో ఆమ్లోడిపిన్‌తో పాటు అటెనోలాల్ అనే ఇంకో మందు కూడా కలిసి ఉంటుంది. రెండూ ఒకటి కావు. షాపులో తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి చేతిలో పెట్టే అవకాశం ఉంది.

మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు వేసుకునే మాత్ర కూడా దాచకుండా ఫొటో తీసి పెట్టు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు నిలిచేలా చేస్తాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. ఉద్దానంలో ఉండే మనిషి ఈ మాట డాక్టరుకి చెప్పకపోతే ఆయనకి సగమే తెలిసినట్టు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎంతమందికి వచ్చిందో నీకు నేను చెప్పాలా, నీ స్కూల్లో పనిచేసిన వాళ్ల ఇళ్లలోనే చూశావు. కాబట్టి ఊరి పేరు చెప్పేటప్పుడు "కవిటి, ఉద్దానం ప్రాంతం" అని నోటితో చెప్పు. ఎక్కడో వేరే జిల్లా నుంచి డ్యూటీలో ఉన్న డాక్టరుకి ఊరి పేరు ఒక్కటే వింటే అది తట్టకపోవచ్చు.

ఫొటోలు యాప్‌లోకి ఎక్కకపోతే చాలావరకు సైజు ఎక్కువై ఉంటుంది. గ్యాలరీలో ఆ ఫొటోను నిండుగా తెరిచి స్క్రీన్‌షాట్ తియ్యి. ఆ స్క్రీన్‌షాట్ సైజు సాధారణంగా తక్కువ ఉంటుంది కాబట్టి ఎక్కొచ్చు. అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయో లేదో మాత్రం చూసుకో.

ఇక బీపీ. ఊరి క్లినిక్‌లో ఒకసారి, ఇంట్లో మిషన్‌తో నాలుగైదు రోజులు చూడు. ఇంట్లో చూసేటప్పుడు కాఫీ తాగి అరగంట అయి ఉండాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడవకుండా తీసేసి పట్టీ చుట్టు. ఒకసారి చూశాక ఒక నిమిషం ఆగి రెండోసారి చూడు. పొద్దున మాత్ర వేసుకునే ముందు, మళ్లీ సాయంత్రం. డైరీలో తేదీ, టైము, రెండు అంకెలూ రాయి. మాట్లాడుతూ చూస్తే అంకె పెరుగుతుంది, అందుకని ఆ కాసేపు అమ్మను వంటింట్లోంచి ఏమీ అడగొద్దని చెప్పు. మొదటి రోజు అంకెలు తరచుగా ఎక్కువ వస్తాయి కాబట్టి వాటిని చూసి కంగారుపడొద్దు, మిగతా రోజులవి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

బుక్ చేయడం

పొద్దున టిఫిన్ అయ్యాక మొదలుపెట్టు. ఫోన్ నిండా చార్జింగ్ ఉండాలి. మన పెరట్లో కొబ్బరి చెట్ల కింద సిగ్నల్ పడిపోతుంది, ముందు వరండాలో బాగుంటుంది. యాప్ తెరిచి Consult Now నొక్కు. రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ ఎంచుకో. ఏ డాక్టరు కావాలో అడిగిన చోట జనరల్ ఓపీడీ తీసుకో. కిడ్నీ, గుండె అని పేర్లు కనిపించినా ఇప్పుడు వాటి జోలికి వెళ్లొద్దు. ముందు జనరల్ డాక్టరు చూస్తే, ఎవరి దగ్గరికి పంపాలో ఆయనే చెబుతారు. ఇబ్బంది ఏమిటో రాసే చోట ఎక్కువ రాయకు. బీపీ మందు కొనసాగించాలి, రెండు కాళ్ల వాపు అంటే చాలు. కాగితాల ఫొటోలు అక్కడే జతచేయి.

ఇదంతా అయ్యాక టోకెన్ వస్తుంది, మెసేజ్ కూడా వస్తుంది. టోకెన్ వచ్చిందంటే డాక్టరు వచ్చేసినట్టు కాదు, క్యూలో నీ చోటు దొరికినట్టు. నీ వంతు వచ్చినప్పుడు Call Now అనే బటన్ నొక్కడానికి వీలవుతుంది, దాన్ని వెంటనే నొక్కాలి. ఆలస్యమైతే వంతు పోయి మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి టోకెన్ తీసుకున్నాక ఫోన్ పక్కన పెట్టి పేపరు చదువుకోవడం, మధ్యలో యూట్యూబ్ చూడడం వద్దు. తెర ఆరిపోకుండా అప్పుడప్పుడు వేలితో తాకుతూ ఉండు.

ఆ సమయంలో మామూలు ఫోన్ కాల్ ఎత్తితే వీడియో ఆగిపోతుంది. అందుకని ఆ గంటలో ఫోన్ చేయొద్దని బావగారికి, పెన్షనర్ల సంఘం వాళ్లకి ముందే చెప్పు. ఎవరైనా చేసినా ఎత్తకు, కట్ చేసెయ్. మధ్యలో తెగిపోతే కంగారు పడకుండా యాప్‌లోనే ఉండు, మళ్లీ కలిపే వీలు కనిపిస్తుంది. అమ్మ ఫోన్ పక్కనే పెట్టుకో, అవసరమైతే నాకు దాని నుంచి చెయ్యి.

డాక్టరు వచ్చినప్పుడు

కిటికీ నీ ముందుండాలి, వెనక కాదు. వెనక వెలుతురుంటే నీ ముఖం నల్లగా కనిపిస్తుంది. ఫోన్‌ను నీ పాత డిక్షనరీకి ఆనించి నిలబెట్టు, చేత్తో పట్టుకుంటే ఊగుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాట బాగా వినిపిస్తుంది.

ముందు డాక్టరు నీ పేరు, వయసు అడుగుతారు. అది నిబంధనల్లో ఉన్నదే. నువ్వు కూడా ఆయన పేరు విను. తరువాత ఇలా మొదలుపెట్టు: "డాక్టరు గారూ, నేను రిటైర్డ్ టీచర్ని, 66 ఏళ్లు, కవిటి, ఉద్దానం ప్రాంతం. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ రోజూ పొద్దున ఒకటి వేసుకుంటాను. నెల రోజుల నుంచి సాయంత్రానికి రెండు కాళ్లూ వాస్తున్నాయి. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటాను." ఇంత చెప్పి ఆగు. మిగతాది ఆయన అడుగుతారు. రిటైరయ్యాక షుగరు పరీక్ష ఎప్పుడు చేయించావు, కోడలి ఆపరేషను ఎలా జరిగింది, ఇవన్నీ ఇప్పుడు వద్దు.

కాలు చూపించమంటే, లేదా ఆయన అడగకపోయినా నువ్వే చూపిస్తానని చెప్పు. పంచె పైకి తీసి, చీలమండ పైన కాలి ఎముక ముందు భాగం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి మనసులో పది లెక్కపెట్టు. వేలు తీశాక గుంట ఉండిపోయిందా, ఎంతసేపు ఉంది, అది కెమెరాకి దగ్గరగా చూపించు. అమ్మ ఫోన్ పట్టుకుంటే బాగుంటుంది. రెండు కాళ్లకీ చెయ్యి. నొక్కి చూసే పని డాక్టరు చేయలేరు కాబట్టి నువ్వు చేసి చూపిస్తేనే ఆయనకి తెలిసేది.

ఈ వాపు ఆమ్లోడిపిన్ వల్ల కూడా రావచ్చు. ఆ మందుతో చాలామందికి రెండు చీలమండలూ సాయంత్రానికి వాస్తాయి, పడుకుని లేస్తే తగ్గుతుంది. కానీ కిడ్నీ, గుండె, లివర్ వల్ల కూడా వాపు వస్తుంది కాబట్టి ఏది కారణమో డాక్టరు తేల్చాలి. నీ అంతట నువ్వు మాత్ర ఆపొద్దు. ఎవరో చెప్పారని సగం వేసుకోవద్దు. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించమంటారా అని నువ్వే అడుగు. అవి రెండూ కిడ్నీ సంగతి చెబుతాయి. ఆయన రాస్తే కవిటి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడు. అక్కడ డయాలసిస్ కేంద్రం ఉంది కాబట్టి కిడ్నీ పరీక్షల సంగతి వాళ్లకి బాగా తెలుసు.

నిన్ను నేరుగా చూడాలని ఆయన చెబితే వాదించొద్దు, బాధపడొద్దు. వీడియోలో సరిపోదనిపిస్తే అలా చెప్పడం ఆయన బాధ్యత. ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని రోజుల్లో వెళ్లాలో అడిగి డైరీలో రాసుకో. ఇప్పుడు బీపీ మందు మార్చాల్సి వచ్చినా, రెండోది కలపాల్సి వచ్చినా ఎలాగూ అక్కడే చేస్తారు. శ్రీకాకుళం డాక్టరు గారినే మళ్లీ చూస్తే, అప్పటి నుంచి ఆరు నెలల వరకు ఆయనతో వాట్సాప్ వీడియోలో మాట్లాడినా అది ఫాలో-అప్ అవుతుంది. ఆయన ఒప్పుకుంటే అదే నీకు అన్నిటికంటే మేలు. అప్పుడు యాప్‌ల గోల కూడా తగ్గుతుంది.

చీటీ వచ్చాక

కన్సల్టేషన్ అయ్యాక చీటీ యాప్‌లో వస్తుంది. దాన్ని తెరిచి నాలుగు చూడు. నీ పేరు, వయసు సరిగ్గా ఉన్నాయా. ఆ రోజు తేదీ ఉందా. డాక్టరు పేరుతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా. మందు పేరు, ఎన్ని ఎంజీ, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది ఉందా. రిజిస్ట్రేషన్ నంబరు లేని చీటీని మా ఫార్మసీలో తీసుకోము, మీ షాపువాడు తీసుకున్నా నువ్వు తీసుకోవద్దు. చీటీని డౌన్‌లోడ్ చేసి నాకు వాట్సాప్‌లో పంపు.

మాత్రలు కొనే ముందు నాకు ఫోన్ చెయ్యి. షాపులో ఇచ్చిన పట్టీ వెనక వైపు ఫొటో తీసి పంపితే, చీటీలో రాసినదీ చేతిలోకి వచ్చినదీ ఒకటేనా అని నేను చూస్తాను. ఆ తరువాతే డబ్బులివ్వు. బీపీ డైరీ మాత్రం ఆపకుండా రాస్తూ ఉండు, పరీక్షల రిపోర్టులు వచ్చిన రోజు నుంచి ఇంకో వారం దాకా.